గంట కింద రాలిన ఆకుపచ్చ పిండి

కిందటి కార్తీకంలో బెసెంట్ నగర్‌లో ఉండే మా పిన్ని ఇంటికి వెళ్ళాను. దేవుడి గూట్లో కంచు గంట కింద పరిచిన తెల్లగుడ్డ మీద చిటికెడు లేతాకుపచ్చ పిండి కనపడింది. అది కుంకుమా కాదు, విభూతీ కాదు. గంట ఎత్తి చూస్తే గుడ్డ మీద అంచు ఆకారంలోనే గుండ్రంగా రాలి ఉంది.

"చిలుమేలేరా. వారానికోసారి చింతపండూ ఉప్పూ వేసి తోముతున్నా. రెండ్రోజులు మెరుస్తుంది, మళ్ళీ మొదలు" అంది పిన్ని.

పాత లోహపు వస్తువులను చూసుకోవడమే నా పని కాబట్టి, ఆ "మళ్ళీ మొదలు" అన్న మాట దగ్గర నా చెవి ఆగింది. మామూలు చిలుము అంత తొందరగా తిరిగి రాదు, ఇలా పిండిగా రాలదు కూడా.

గంట మా తాతగారిది, అనంతపురం జిల్లాలోని ఊరి నుంచి వచ్చింది. వాళ్ళది చౌడు మిద్దె. ఒక వానాకాలం దూలం విరిగి పూజగది కప్పు కూలింది. ఏడెనిమిదేళ్ళు ఆ మట్టిని ఎవరూ కదిలించలేదు. చివరికి తవ్వినప్పుడు గంట దొరికింది. తర్వాత పాతికేళ్ళు అదే ఊళ్ళో మామయ్య బీరువాలో ముదురాకుపచ్చ రంగుతో ఏ గొడవా లేకుండా పడి ఉంది. రెండేళ్ళ కిందట పిన్ని దాన్ని మద్రాసు తెచ్చుకుంది. పిండి రాలడం ఇక్కడికి వచ్చాకే మొదలైంది. పాతికేళ్ళు నిద్రపోయినదాన్ని మద్రాసులో ఎవరు లేపారన్నదే అసలు ప్రశ్న.

జవాబు సగం ఆ చౌడులో ఉంది. మిద్దె మీద వాన నిలవకుండా పరిచే ఆ మట్టిలో లవణాలు ఎక్కువ. వాటిలో మన ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్ కూడా ఉంటుంది. తడిసిన చౌడులో గంట ఏళ్ళ తరబడి ఉంటే అందులోని క్లోరైడ్ లోహంలోకి చొచ్చుకుపోయి, రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడ్ (CuCl) అవుతుంది. ఇది పైకి కనపడదు. ముదురాకుపచ్చ పొర కింద, లోహాన్ని ఆనుకుని, మైనంలా లేత బూడిదరంగులో దాక్కుంటుంది. నీళ్ళలో దాదాపు కరగదు, కాబట్టి కడిగితే పోదు. గాలి పొడిగా ఉన్నంతకాలం దాని వల్ల హానీ లేదు.

తేమ తగిలితే కథ మారుతుంది. పొరలో ఎక్కడో సన్నటి బీట ద్వారా నీటి ఆవిరి, ఆక్సిజన్ లోపలికి వెళతాయి. అప్పుడు జరిగేది ఇది:

4 CuCl + O₂ + 4 H₂O → 2 Cu₂(OH)₃Cl + 2 HCl

కుడివైపు మొదటిది మన గుడ్డ మీద రాలిన లేతాకుపచ్చ పిండి. రెండోది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ ఆమ్లం ఊరికే ఉండదు. పక్కనున్న మంచి లోహాన్ని, ఆక్సిజన్ సాయంతో, తిని కొత్త క్యూప్రస్ క్లోరైడ్‌ను తయారు చేస్తుంది. అది మళ్ళీ తేమతో కలుస్తుంది, మళ్ళీ పిండి, మళ్ళీ ఆమ్లం. ఈ చక్రాన్ని ఫ్రెంచి రసాయనవేత్త మార్సెలెన్ బెర్తెలో 1890ల్లోనే వివరించాడు. ఇంగ్లీషులో దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు, మనం కంచు రోగం అనుకోవచ్చు. పేరు అలా ఉన్నా కంచుకే పరిమితం కాదు, రాగి ఉన్న ఏ మిశ్రమానికైనా, ఇత్తడికీ పంచలోహానికీ కూడా వస్తుంది. ఒకప్పుడు దీన్ని సూక్ష్మజీవుల వల్ల వచ్చే అంటురోగం అనుకున్నారు. క్రిమి ఏదీ లేదు, ఉన్నది ఉప్పూ తేమా మాత్రమే.

సమీకరణాన్ని శ్రద్ధగా చూసేవాళ్ళకు ఒక సందేహం రావాలి. నాలుగు క్లోరిన్ పరమాణువుల్లో రెండు పిండిలో చిక్కుకుపోతున్నాయి, ఆమ్లంగా తిరిగి వస్తున్నవి రెండే. అంటే ప్రతి చుట్టుకూ సగం తగ్గి దానంతట అదే ఆగిపోవాలి కదా? ఆగదు. ఆమ్లం ఎక్కువైన చోట ఆ పిండే కొంత తిరిగి కరిగి, తన క్లోరిన్‌ను వదిలేస్తుంది. పైగా గుంటల్లో నిల్వ ఉన్న క్లోరైడ్ తక్కువేమీ కాదు. పిన్ని దానికి వారం వారం ఉప్పు కూడా పోస్తోంది.

నష్టం రంగులో లేదు, చోటులో ఉంది. లోహంగా ఉన్నప్పుడు రాగి ఆక్రమించే చోటుకు, అదే రాగి ఈ పిండిగా మారాక దాదాపు 4 రెట్ల చోటు కావాలి. పొర కింద అంత చోటు లేదు. అందుకని పిండి పైపొరను కిందనుంచి పగలగొట్టి పొంగి బయటికి వస్తుంది. దాంతో పాటు చెక్కిన గీతలు, అక్షరాలు, ముక్కూ కళ్ళూ రేకులుగా లేచిపోతాయి. చాలా ఏళ్ళు భూమిలో ఉన్న విగ్రహాల్లో అసలు రూపం లోహంలో ఉండదు, ఆ ఆకుపచ్చ పొరలోనే ఉంటుంది. పొర పోతే ముఖం పోయినట్టే.

ఇక గుర్తుపట్టడం. ఆకుపచ్చ కనపడగానే భయపడనక్కర్లేదు. నేను గంటను కిటికీ దగ్గరికి తెచ్చి భూతద్దం పెట్టాను. పక్కల ఉన్న ముదురాకుపచ్చ పొర నున్నగా, గట్టిగా ఉంది. వెదురుపుల్లతో గీకితే పుల్లే అరిగింది తప్ప పొర కదల్లేదు. అది మంచి చిలుము, దాన్ని తాకకూడదు, అదే గంటకు తొడుగు. అంచు లోపలి వైపూ, పిడి అతికిన సందులోనూ మాత్రం ఆవగింజంత లేతాకుపచ్చ మచ్చలు, కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. పుల్ల తాకగానే సుద్దపొడిలా రాలాయి. కింద గుంట. గుంట అడుగున మైనం లాంటి బూడిదరంగు పదార్థం.

అదే గూట్లో ఉన్న ఇత్తడి కుందె చూపించి "మరి దీనికీ అదేనా?" అని అడిగింది పిన్ని. కుందె మెడ చుట్టూ కూడా ఆకుపచ్చే. కానీ వేలితో తాకితే జిడ్డుగా అంటుకుంది, అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూదికి వచ్చేసింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిస్తే ఇలాంటి ఆకుపచ్చ సబ్బు తయారవుతుంది. తుడిచేస్తే సరిపోతుంది. ఇళ్ళల్లో కనపడే ఆకుపచ్చలో ఎక్కువ భాగం ఇదేనని నా అనుభవం. పొడిగా రాలుతోందా, జిడ్డుగా అంటుతోందా అన్నది మొదట చూడాలి.

ఇంకా అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. మచ్చలను పుల్లతో శుభ్రం చేసి, మూత బిగిసే డబ్బాలో తడిదూది పెట్టి, నీళ్ళు తగలకుండా వస్తువును ఎత్తుమీద ఉంచి 24 గంటలు వదిలేయాలి. రోగం ఉంటే ఆ గుంటల్లో కొత్త లేతాకుపచ్చ మొలుస్తుంది. బెసెంట్ నగర్‌లో ఈ డబ్బా అక్కర్లేదనుకోండి, ఆ ఊరి గాలే తడిడబ్బా.

వేళాకోళానికి అనలేదు. గాలిలో తేమ 42–46 శాతం దాటితే ఈ చర్య ఊపందుకుంటుందని సంరక్షకులు లెక్క వేస్తారు. జాగ్రత్తపరులు 35 కన్నా తక్కువే కావాలంటారు. మద్రాసులో తేమ సాధారణంగా 70 శాతం చుట్టుపక్కల ఉంటుంది, సముద్రపు ఉప్పుగాలి అదనం. అనంతపురం దేశంలోని బాగా పొడి ప్రాంతాల్లో ఒకటి. గంటను మేలుకొలిపింది ఈ తేడానే.

చింతపండు, ఉప్పు సంగతి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైన ఉన్న ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని తొందర చేస్తుంది. రోజూ వాడే ఆరోగ్యమైన చెంబుకు, వెంటనే బాగా కడిగి ఆరబెడితే, ఫర్వాలేదు. గుంటలు పడ్డ గంటకు అది విషం. కాపాడే పొర పోతుంది, గుంటల్లోకి కొత్త క్లోరైడ్ చేరుతుంది. కడిగేది ఉప్పగా ఉండే బోరు నీళ్ళతో అయితే ఇక చెప్పక్కర్లేదు.

గంటను ఇంటికి తెచ్చుకున్నాను. భూతద్దం కింద మచ్చలను ఒక్కొక్కటిగా పుల్లతో, సన్నటి కత్తిమొనతో గుంట అడుగుదాకా తవ్వి తీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కుంచె వేసి, అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను. ఆ పైన 100 మిల్లీలీటర్ల ఇథనాల్‌కు 3 గ్రాముల చొప్పున బెంజోట్రయజోల్ కలిపిన ద్రావణంలో ఒక రోజు నానబెట్టాను. సంరక్షణలో ఈ మందు 1967 నుంచి వాడుకలోకి వచ్చింది. రాగికి అతుక్కుని, తేమ చేరకుండా పలుచటి పొర కడుతుంది. లోపలి క్లోరైడ్‌ను మాత్రం తీసేయదు, దానికి కప్పు వేస్తుంది అంతే. గుంట లోతుగా ఉంటే ఆ కప్పు చిల్లులు పడుతుంది. ఇది ఒంటికి మంచిది కాని రసాయనం కూడా, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. అభిషేకం చేసి తీర్థం పుచ్చుకునే విగ్రహానికీ, వంటపాత్రకూ అసలు వాడకూడదు.

తడిడబ్బాలో పెట్టి చూస్తే అంచు గుంటలు ఊరుకున్నాయి, పిడి సందులో ఒక మచ్చ మళ్ళీ మొలిచింది. ఆ ఒక్కచోట మళ్ళీ తవ్వి, మళ్ళీ నానబెట్టాను. రెండోసారి ఏమీ రాలేదు. మొత్తానికి ఇన్‌క్రలాక్ అనే యాక్రిలిక్ పూత పలుచగా వేశాను.

ఎగ్మూరు మ్యూజియంలో 1930లోనే ఇలాంటి పనికి రసాయన ప్రయోగశాల పెట్టారు. అప్పట్లో విగ్రహాన్ని కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి కరెంటు పంపి క్లోరైడ్‌ను బయటికి లాగేవారు. క్లోరైడ్ బాగానే పోతుంది, కానీ దానితోపాటు ఆకుపచ్చ పొర కూడా పోయి లోహం బయటపడుతుంది. ముఖం పొరలోనే ఉన్న విగ్రహానికి ఆ పద్ధతి వాడటానికి నాకైతే చేయి రాదు.

మందు ఏదైనా, ఆధారపడాల్సింది పొడిగాలి మీదే. 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, గాలి చొరని మూత, అర కిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు, గంట కింద నల్లకాగితం. రాలిన పిండి నల్లకాగితం మీద వెంటనే కనపడుతుంది. సిలికా జెల్‌లోని నారింజరంగు గింజలు తేమ పీల్చి ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఎండబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

"దేవుడి గంటను డబ్బాలో పెడతావట్రా?" అని పిన్ని ఒప్పుకోలేదు. చివరికి రోజూ మోగించడానికి కొత్త గంట కొనుక్కుంది, తాతగారి గంటను పండగలకు మాత్రం బయటికి తీసి, తుడిచి, ఆ రాత్రే డబ్బాలో పెట్టేట్టు రాజీ కుదిరింది. సంక్రాంతికి తీసినప్పుడు మీటరు 33 చూపించింది, కాగితం శుభ్రంగా ఉంది. ఉగాదికి 51 ఉంది. మూత సరిగా బిగించలేదు. కాగితం మీద పిడి సందుకు సరిగ్గా కింద రెండు ఆకుపచ్చ రేణువులు. గింజలు ఎండబెట్టి, ఆ సందును మూడోసారి తవ్వడానికి గంటను మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను.