అంకె చూసి ఊరు చెప్పగలమా? అపోహలు - వాస్తవాలు

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నిజంగా ఎక్కడిదో తేల్చే పనిలో అక్షరాల కంటే ముందు కంటికి దొరికేవి అంకెలు. బస్సు నుదుటి మీద, కూరగాయల బండి పలక మీద, దుకాణం షట్టరు మీద అవి పెద్దవిగా, విడివిడిగా ఉంటాయి. ఫొటో మసకగా ఉన్నా మిగులుతాయి. కానీ అవి చెప్పేదెంత, మనం ఊహించుకునేదెంత అన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. ఇక్కడ ఉపఖండం వరకే, అందులోనూ తరచూ తికమక పెట్టే కొన్ని లిపుల సంగతి చూద్దాం.

అపోహ: 8లా కనిపిస్తే 8, 9లా కనిపిస్తే 9.

బెంగాలీలో ఇది నిలువునా ముంచుతుంది. ৪ అంటే 4. ৭ అంటే 7. బస్సు మీద ৪৭ అని ఉంటే మన కన్ను దాన్ని 89గా చదివేస్తుంది, అసలు నంబరు 47. ఉల్లిపాయల బుట్టలో గుచ్చిన అట్టముక్క మీద ৪০ అని ఉంటే కిలో నలభై. దాన్ని ఎనభైగా చదివి "ధరలు రెట్టింపయ్యాయి" అని పోస్టు పెట్టడానికి ఇంకెంతో శ్రమ అక్కర్లేదు.

మామూలు 8నా, బెంగాలీ 4నా అని ఆ ఒక్క అంకెనే చూసి తేల్చుకోవద్దు. ఆకారంలో రెండూ పైనా కిందా మూసుకున్న సున్నాలే. పక్కన ఉన్న మిగతా అంకెలు చూడండి. ৩, ৫, ৬ లాంటివి ఒక్కటి కనిపించినా చాలు, అవి మనం రోజూ రాసే అంకెల్లో దేన్నీ పోలవు. ఒకే పలక మీద రెండు రకాల అంకెలు కలిపి రాయడం అరుదు కాబట్టి ఒకటి బెంగాలీ అని తేలితే మిగతావీ బెంగాలీవే. దేవనాగరి ४ మాత్రం పైభాగం తెరుచుకుని ఉంటుంది. పై సున్నా మూసుకుందా లేదా అన్నది పెద్దది చేసి చూస్తే ఆ రెండింటి మధ్య తేడా దొరుకుతుంది. సుద్దముక్కతో హడావిడిగా రాసిన చోట ఈ గుర్తు కూడా పనిచేయదు, చేతిరాతలో తెరిచినది మూసుకుపోతుంది.

ఫొటో తిరగబడిందేమో కూడా ముందే చూసుకోవాలి. ముందు కెమెరాతో తీసినవి కొన్ని అద్దంలోలా అటుదిటు అవుతాయి. 8 ఆకారం తిప్పినా పెద్దగా మారదు, మిగతావి మారతాయి. ఏ లిపికీ సరిపోని అంకెలు కనబడితే కొత్త లిపి అని సంబరపడక ముందు ఫొటోను అద్దంలోలా కుడిఎడమలు మార్చి చూడండి.

అపోహ: బెంగాలీ అంకెలుంటే అది పశ్చిమ బెంగాల్.

అంకె లిపిని చెబుతుంది, దేశాన్ని చెప్పదు. బెంగాలీ అంకెలు పశ్చిమ బెంగాల్‌లో ఉన్నాయి, త్రిపురలో ఉన్నాయి, అస్సాంలోని బరాక్ లోయలో ఉన్నాయి, అన్నిటికంటే ఎక్కువగా బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. అస్సామీ భాషకూ అవే అంకెలు. మరి దేశం ఎలా తెలుస్తుంది? ఆ అంకెను ఎవరు రాశారో చూడాలి. దుకాణదారు తనకు నచ్చినట్టు రాస్తాడు. నంబరు ప్లేటు మీద మాత్రం చట్టం చెప్పినట్టే రాయాలి.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50వ నిబంధన ప్రకారం రిజిస్ట్రేషన్ అక్షరాలు ఇంగ్లిష్‌లో, అంకెలు 1, 2, 3 రూపంలో ఉండాలి. కాబట్టి కోల్‌కతా బస్సు రూట్ నంబరు బెంగాలీలో ఉన్నా ప్లేటు మీద WB తోనే మొదలవుతుంది. అగర్తలాలో TR, సిల్చర్‌లో AS. బంగ్లాదేశ్‌లో ప్లేటంతా బెంగాలీయే. పై వరుసలో ঢাকা মেট্রো లాంటి ఊరి పేరు, ఒక గీత, వాహనం రకాన్ని చెప్పే ఒక అక్షరం ఉంటాయి. కింది వరుసలో రెండంకెలు, గీత, నాలుగంకెలు. అంకెలు చదవలేనంత మసకగా ఉన్నా "రెండు వరుసలు, కింద రెండు-నాలుగు" అన్న అమరిక కనిపిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. సంత ఫొటో ఒకటి, కింద "కోల్‌కతాలో ఉల్లి కిలో 80" అని రాత ఉంది అనుకోండి. పలక మీద ৪০ టాకా (টাকা) అని ఉంది. మొదట అంకె సరిచేసుకుంటే ధర 40, సగం కథ అక్కడే పోయింది. తర్వాత "టాకా అంటే బంగ్లాదేశ్ డబ్బు కదా, దొరికిపోయింది" అనిపిస్తుంది. ఇక్కడ ఆగాలి. పశ్చిమ బెంగాల్‌లోనూ రూపాయిని బెంగాలీలో టాకా అనే అంటారు, అలాగే రాస్తారు. ధర చివర కొట్టే /- గుర్తు కూడా రెండు వైపులా వాడేదే. అదే ৳ గుర్తు కనిపించి ఉంటే బరువు బంగ్లాదేశ్ వైపు మొగ్గేది, ₹ కనిపిస్తే మన వైపు. రెండూ లేవు కాబట్టి పలకను వదిలి వెనకాల చూడాలి. వెనక నిలబడ్డ ఆటో ప్లేటును పెద్దది చేస్తే రెండు వరుసల బెంగాలీ రాత, పైన ঢাকা. అంటే ఫొటోలో కోల్‌కతా లేదు, ధర 80 కాదు. అయితే ఇది ఢాకా అని ఖాయంగా చెప్పకూడదు. ఢాకాలో రిజిస్టరైన బండి ఇంకో ఊళ్లో ఉండొచ్చు. "బంగ్లాదేశ్, ఊరు తేలలేదు" అన్నంతవరకే రాయాలి.

అస్సామీ సంగతికి ఒక్క గుర్తు చాలు. "ర" అక్షరం కింద చుక్క ఉంటే (র) బెంగాలీ, పొట్టలో అడ్డగీత ఉంటే (ৰ) అస్సామీ. అంకెల్లో ఆ తేడా దొరకదు.

అపోహ: దేవనాగరి అంకెలంటే హిందీ రాష్ట్రం.

దక్షిణాది వాళ్లందరం చేసే ఊహ ఇది. నిజానికి లక్నో, పట్నా వీధుల్లో ధరలూ ఫోన్ నంబర్లూ ఎక్కువగా 1, 2, 3 లోనే కనిపిస్తాయి. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్ర ప్రభుత్వ భాష దేవనాగరి లిపిలోని హిందీ అంటూనే, అంకెలు మాత్రం "భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం"లో ఉండాలంది. మనం ఇంగ్లిష్ అంకెలంటున్న వాటికి రాజ్యాంగం పెట్టిన పేరు అది, గమనించారా!

దేవనాగరి అంకెలు రోజువారీ జీవితంలో నిండుగా కనిపించేది మహారాష్ట్రలోనూ నేపాల్‌లోనూ. ముంబయి బెస్ట్ బస్సులకు ముందు బోర్డు మీద మరాఠీ అంకెలు, బస్సు పక్కభాగం మీద ఇంగ్లిష్ అంకెలు రాసే అలవాటు పాతది. కొత్తగా వెళ్లినవాళ్లు १ ని 9 అనుకుని వేరే బస్సు ఎక్కేది అందుకే. పక్కన ळ అక్షరం కనిపిస్తే మరాఠీ వైపు మొగ్గవచ్చు, హిందీలోనూ నేపాలీలోనూ ఆ అక్షరం మామూలుగా రాదు.

నేపాల్‌ను మళ్లీ ప్లేటే పట్టిస్తుంది. పాత పద్ధతి ప్లేట్లు దేవనాగరిలో ఉంటాయి: बा లాంటి, అంచల్ అనే పాత పాలనా మండలాన్ని చెప్పే అక్షరం, ఒకటో రెండో అంకెలు, వాహనం రకం అక్షరం, తర్వాత నంబరు. సొంత వాహనానికి ఎర్రటి ప్లేటు, అద్దె వాహనానికి నల్లటి ప్లేటు, రెండింటి మీదా తెల్ల రాత. కొత్తగా వచ్చిన ఉబ్బెత్తు ప్లేట్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కనిపించింది గనక నేపాల్ కాదు అనకూడదు. ఇంకో మంచి ఆధారం సంవత్సరం. గోడ మీదో బ్యానర్ మీదో २०८१ అని ఉంటే అది నేపాల్‌లో నడిచే విక్రమ సంవత్ లెక్క. ఏప్రిల్ మధ్య నుంచి డిసెంబరు దాకా 57, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా 56 తీసేస్తే మన లెక్క వస్తుంది. అంటే అది 2024 ఏప్రిల్ మధ్యలో మొదలైన ఏడాది. ఫొటో తేదీ అబద్ధమా అన్నది కూడా ఇలా బయటపడుతుంది.

५, ८ అంకెలకు దేవనాగరిలోనే రెండేసి రూపాలున్నాయి, ఒకటి నేపాలీలో ఎక్కువ. కానీ దాన్ని ఫాంటు నిర్ణయిస్తుంది. ముంబయిలో అచ్చు వేసేవాడి కంప్యూటర్లో ఏ ఫాంటు ఉందో మనకేం తెలుసు? ఈ ఆధారం ఒక్కదాని మీదే నిలబడొద్దు. గుజరాతీ సంగతి సులువు. దాని 5 (૫), "ప" అక్షరం (પ) చూడటానికి ఒకేలా ఉంటాయి, పక్కనున్న అక్షరాల మీద తలగీత ఉండదు.

అపోహ: తెలుగు అంకెల్లాంటివి కనిపిస్తే ఆంధ్రానో తెలంగాణానో అయ్యుంటుంది.

దాదాపు ఎప్పుడూ కాదు! మన బస్సు మీద ఊరి పేరు తెలుగులో ఉంటుంది, రూట్ మాత్రం 218 అనే ఉంటుంది. ౧౨౩ లు పాత పుస్తకాల పేజీల్లో, పంచాంగాల్లో దొరుకుతాయి గానీ బస్టాండులో కాదు. అదే కర్ణాటక ఆర్టీసీ బస్సు చూడండి. చట్టం కోసం KA తో ఒక ప్లేటు, దానికి తోడు అదే నంబరు కన్నడ అక్షరాల్లో, కన్నడ అంకెల్లో ఇంకోసారి. ౨, ౩, ౪ రెండు లిపుల్లోనూ (೨, ೩, ೪) దాదాపు ఒకటే. కాబట్టి ఈ కుటుంబం అంకెలు బస్సు మీద కనిపిస్తే ముందు కర్ణాటక అనుకోండి, తర్వాత అక్షరాల నెత్తి చూడండి. టిక్కు పెట్టినట్టు తలకట్టు ఉంటే తెలుగు, అడ్డంగా సాగిన గీత ఉంటే కన్నడ. బళ్లారి, రాయచూరు, కోలారు వైపు ఒకే వీధిలో రెండూ ఉంటాయి కాబట్టి ఒక బోర్డుతో సరిపెట్టుకోవద్దు.

చదివిన నంబరును వెతుకులాటలో కొట్టేటప్పుడు ఒక తిరకాసు ఉంది. తెరమీద ఒకేలా కనిపించేవి యంత్రానికి వేరు. తెలుగు సున్నా అంకె, అనుస్వారం సున్న చూడటానికి ఒకటే అయినా వాటి సంకేతాలు వేరు. బెంగాలీ నాలుగు, మామూలు ఎనిమిది కూడా అంతే:

```
౦  U+0C66   తెలుగు అంకె 0
ం  U+0C02   అనుస్వారం
৪  U+09EA   బెంగాలీ అంకె 4
8  U+0038   మామూలు 8
```

బొమ్మలోంచి అక్షరాలు తీసే యాప్‌కు భాష ఇంగ్లిష్ అని పెట్టి ఉంటే ৪৭ ని నిర్మొహమాటంగా 89 అని ఇస్తుంది, తప్పు చేశానన్న సూచనేమీ ఇవ్వదు. అందుకే యాప్ ఇచ్చిన నంబరును బొమ్మలోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూసి, ఆ నంబరును లిపి అంకెల్లో ఒకసారి, 47 అని ఇంకోసారి, రెండు విధాలుగా వెతకాలి.