15 రాసిన పిల్లాడు, 30 రాసిన పిల్లాడు

వరంగల్ జిల్లాలో వానాకాలం పంటంతా రోజూ చూసే వాన లెక్క మీదే నడుస్తుంది. పేపర్లో "25 మిల్లీమీటర్లు" అని చదువుతాం కానీ, నీళ్లను లీటర్లలో కాకుండా మిల్లీమీటర్లలో ఎందుకు కొలుస్తారో ఎనిమిదో తరగతి పిల్లలను అడిగితే చాలామంది తడబడతారు. అందుకే "వర్షపాతం కొలవడం" అనే ఐదు పీరియడ్ల యూనిట్ తీసుకుందాం. పాఠ్య ప్రణాళికల్లో ఉద్దేశం, లక్ష్యం, అభ్యసన ఫలితం అని మూడు గళ్లుంటాయి. చాలా ప్రణాళికల్లో ఒకే వాక్యాన్ని కాస్త అటూ ఇటూ మార్చి మూడింట్లోనూ నింపేస్తారు. ఈ మూడూ ఎలా వేరో ఈ యూనిట్‌తోనే చూద్దాం.

ఈ యూనిట్‌కు ఉద్దేశం ఇలా ఉండొచ్చు: "చుట్టూ జరిగే వాటిని కొలిచి, ఆ కొలతల ఆధారంగా మాట్లాడే అలవాటు పిల్లలకు రావాలి." ఇది ఐదు పీరియడ్లలో తెమిలేది కాదు, పదేళ్ల బడి చదువంతా కలిస్తే వచ్చేది. ఎటు పోవాలో చెబుతుంది తప్ప, ఈ శుక్రవారానికి ఎంత దూరం వచ్చామో చెప్పదు. కాబట్టి దీనికి మార్కులు వేయబోతే అబద్ధపు మార్కులే పడతాయి.

లక్ష్యం టీచర్ వైపు నుంచి రాసేది: "వర్షపాతం అంటే నేల మీద నిలిచే నీటి లోతు అని విద్యార్థులు అవగాహన చేసుకోవాలి, సీసాతో వర్షమాపకం తయారు చేయగలగాలి." ఏం బోధించాలో, ఏ సామాను తెచ్చుకోవాలో దీంతో తేలిపోతుంది. వెడల్పు డబ్బా ఒకటి, సన్న డబ్బా ఒకటి, రెండూ నిలువు గోడలవే, ఒకే వానలో పెట్టాలి. వెడల్పు దాంట్లో లోతు ఎక్కువుంటుందని పిల్లలు పందెం కాస్తారు. స్కేలు పెట్టి చూస్తే రెండింట్లోనూ ఒకటే. డబ్బాలను గోడ పక్కన పెడితే మాత్రం ఈ ప్రయోగం చెడిపోతుంది. గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో, ఆరుబయట పెట్టాలి. సీసా అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి దాన్ని గులకరాళ్లతో, నీళ్లతో నింపి, అక్కడి నుంచి సున్నా గీయాలి, పైన గరాటు పెట్టాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ "అవగాహన చేసుకోవాలి" అన్నారు, చేసుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది? 1962లో అమెరికా విద్యా నిపుణుడు రాబర్ట్ మేగర్ దీనికి ఒక దారి చూపించాడు. పిల్లవాడు కళ్లకు కనిపించేలా ఏం చేయాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే సరిపోతుంది, ఈ మూడూ రాయమన్నాడు. ఆయన వీటిని లక్ష్యాలనే అన్నాడు. ఇప్పుడు మనం అభ్యసన ఫలితాలని రాసేది దాదాపు అదే పద్ధతిలో. మన యూనిట్‌కు అది ఇలా వస్తుంది: "గరాటు వ్యాసం, సీసా వ్యాసం, సీసాలో నీటి లోతు ఇస్తే, విద్యార్థి సాయం లేకుండా అసలు వర్షపాతాన్ని లెక్కకట్టి కారణం రాస్తాడు, మూడు లెక్కల్లో కనీసం రెండు సరిగా ఉండాలి."

దీనికి ప్రశ్నను జాగ్రత్తగా ఎంచుకోవాలి. "40 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎన్ని లీటర్లు?" అని అడిగితే, 40ని 25తో గుణించి 1000 అని రాసేస్తారు. జవాబు సరైనదే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు కాబట్టి, ఏమీ అర్థం కాని పిల్లాడూ గట్టెక్కుతాడు.

దాని బదులు ఇలా అడగండి: గరాటు వ్యాసం 10 సెంటీమీటర్లు, సీసా వ్యాసం 5 సెంటీమీటర్లు, సీసాలో 60 మిల్లీమీటర్ల నీళ్లున్నాయి, వాన ఎంత? వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. అంత పెద్ద మూతితో పట్టిన నీళ్లు సన్న సీసాలో నాలుగింతలు ఎత్తుకు లేస్తాయి. కాబట్టి వాన 15 మిల్లీమీటర్లే.

ఇక్కడ తప్పు జవాబులే ఎక్కువ పనికొస్తాయి. 60 రాసిన పిల్లాడు గరాటును పట్టించుకోలేదు. 240 రాసినవాడికి ఏదో నాలుగింతలుందని తెలుసు కానీ ఎటు తిప్పాలో తెలియలేదు. 30 రాసినవాడికి లోతు సంగతి అర్థమైంది, వ్యాసాన్ని వైశాల్యం అనుకున్నాడంతే. "అవగాహన చేసుకోవాలి" అన్న వాక్యం ముగ్గురినీ ఒకే గాటన కట్టేది. ఫలితంగా రాసినప్పుడు ముగ్గురికీ మూడు వేరే పనులు దొరుకుతాయి. 60 రాసినవాడిని మళ్లీ డబ్బాల దగ్గరికి తీసుకెళ్లాలి. 240 రాసినవాడి చేత ఒక సన్న గ్లాసులో నీళ్లు కొలిచి వెడల్పు గిన్నెలో పోయించి, లోతు పెరిగిందో తగ్గిందో చెప్పించాలి. 30 రాసినవాడికి వాన పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు, గ్రాఫ్ కాగితం మీద రెండు వృత్తాలు గీయించి గళ్లు లెక్కపెట్టిస్తే చాలు.

కొందరు ఈ పద్ధతి నచ్చి, ఉద్దేశాన్ని కూడా ఇలాగే కొలవబోతారు. "రోజూ 8:30కి వర్షమాపకం చూసి నోట్ చేస్తాడు" అని ఫలితం రాస్తారు. వాతావరణ శాఖ రీడింగ్ తీసే సమయం కూడా అదే కాబట్టి సమయం బాగానే ఉంది. కానీ ఆ వారం వాన పడకపోతే పిల్లలు సున్నాలు రాయకుండా గళ్లను ఖాళీగా వదిలేస్తారు, లేదా అన్నీ ఒకేసారి కూర్చుని నింపేస్తారు. ఒకే ఇంకుతో, ఒకే తీరులో ఉన్న వారం రోజుల రాతను చూస్తే ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది.