అవే ముప్పై మూడు మార్కులు: ఒకరికి 48, ఒకరికి 78

పదో తరగతి నామినల్ రోల్స్ పంపే రోజులు వస్తే కర్నూలు, ఆదోని వైపు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లవాడికి పాఠం తెలుసు, అడిగితే చెప్తాడు, రాయమంటే చెయ్యి సాగదు. అతను చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌ని ఇస్తే సరిపోతుందా, నోటితో చెప్పిందానికీ చేసి చూపించిందానికీ కూడా మార్కులు వేయాలా అన్నదే తగువు. స్క్రైబ్ ఉన్నాడు, గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం ఉంది, ఇంకేం కావాలన్నది పరీక్షల విభాగం వాదన. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనూ ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ వాదనను తప్పని కొట్టేయలేం.

కానీ ఈ తగువు స్క్రైబ్ దగ్గర పుట్టలేదు. 2019లో పుట్టింది.

అంతకుముందు పదో తరగతిలో రాత పేపరుకు 80, ఇంటర్నల్‌కు 20 మార్కులు ఉండేవి. ఆ ఇరవై మార్కులూ ఏడాదిలో బడిలోనే జరిగే నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల నుంచి, అంటే ఎఫ్ఏల నుంచి వచ్చేవి. ఒక్కో ఎఫ్ఏలో నాలుగు భాగాలు: తరగతిలో పాల్గొని స్పందించడం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్ష. చెయ్యి సాగని పిల్లవాడు మాట్లాడి, చేసి చూపి మార్కు తెచ్చుకోగలిగిన చోటు అదొక్కటే. చాలా ప్రైవేటు బళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేసేశాయి. ప్రాజెక్టు పుస్తకాలు తెరిస్తే ముప్పై మందివీ ఒకే చేతిరాత, ఒకే బొమ్మలు. 2019లో ప్రభుత్వం ఆ ఇరవై మార్కులనూ తీసేసి మొత్తం నూరూ రాత పేపరుకే ఇచ్చింది. దొంగ మార్కులు వేసిన బళ్లు ఒకచోట ఉన్నాయి, నష్టపోయిన పిల్లలు ఇంకోచోట ఉన్నారు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020లోనూ 2021లోనూ పరీక్షలు రద్దయ్యాయి. ఫలితాలు ఎలా లెక్కకట్టాలో తేల్చడానికి ఛాయారతన్ కమిటీని వేశారు. 2021 పిల్లలకు చేతిలో ఉన్నవి ఎఫ్ఏ మార్కులే. ఒక్కో ఎఫ్ఏ 50కి: స్లిప్ టెస్టు 20, మిగతా మూడింటికి కలిపి 30. కమిటీ మాత్రం ఆ 20కి 70 శాతం, ఆ 30కి 30 శాతం బరువు ఇచ్చింది. స్లిప్ టెస్టుకు కాగితం సాక్ష్యం ఉంటుంది, మాటకు ఉండదు. కారణం ఊహించడం కష్టం కాదు.

లెక్క వేసి చూడండి. ఒక పిల్లవాడికి స్లిప్ టెస్టులో 6, మిగతా వాటిలో 27, కలిపి 33. ఇంకొకరికి స్లిప్ టెస్టులో 18, మిగతా వాటిలో 15, అదీ 33. కొత్త బరువులు వేస్తే మొదటివాడికి 21కి 27 కలిసి 48 వస్తుంది. రెండోవాడికి 63కి 15 కలిసి 78 వస్తుంది. తెలిసింది ఎంతో కాదు, రాయగలిగింది ఎంతో కొలిచే లెక్క ఇది. నేటి వాదనంతా దీని నీడలోనే సాగుతోంది.

స్క్రైబ్ దీన్ని ఎందుకు సరిచేయలేడో భౌతికశాస్త్రం పేపరులో తెలుస్తుంది. ఓమ్ నియమం ప్రయోగం రాయమన్నారనుకుందాం. స్క్రైబ్ ఒక తరగతి తక్కువవాడు, ఆ పాఠం చదవనివాడు. ఆమ్మీటరు ఎక్కడ, వోల్ట్‌మీటరు ఎక్కడ అన్నది పటంలో నోటితో చెప్పి గీయించాలి. ఏడాదంతా ఎప్పుడూ చెప్పి రాయించే అలవాటు లేని పిల్లవాడు అక్కడే తడబడతాడు.

అదే ప్రయోగాన్ని బల్ల మీద చేయిస్తే పదిహేను నిమిషాల పని. అర మీటరు నైక్రోమ్ తీగ, 1.5 వోల్టుల సెల్లులు నాలుగు, రెండు మీటర్లు, ఒక కీ చాలు. మార్కు దేనికో ముందే కాగితం మీద రాసుకోవాలి: ఆమ్మీటరును శ్రేణిలో పెట్టాడా, వోల్ట్‌మీటరును తీగకు సమాంతరంగా కలిపాడా, సెల్లులు ఒక్కొక్కటిగా పెంచుతూ రీడింగులు చెప్పాడా, రీడింగుకూ రీడింగుకూ మధ్య కీ తీశాడా. చివరిదానికి ఎందుకని అడగాలి. తీగ వేడెక్కితే నిరోధం మారుతుందని అతనే చెప్తే పూర్తి మార్కు, రెండోసారి అడిగాక చెప్తే సగం.

చెడేది కూడా ఇక్కడే. “శ్రేణిలోనే కదా పెడతాం?” అని టీచరు అడిగితే జవాబు ప్రశ్నలోనే ఉన్నట్టు. అందుకే ప్రశ్నలు ముందే రాసి ఉండాలి, మాటలు ఫోనులో రికార్డవ్వాలి, మార్కు వేసేది ఆ పాఠం చెప్పని రెండో టీచరై ఉండాలి. పిల్లవాడు ఏడాదంతా చేసిన పనులను దాచే పోర్ట్‌ఫోలియోకూ ఇలాంటి కట్టుబాటే ఉండాలి: తేదీ, మొదటి చిత్తుప్రతి, ఎవరు ఎక్కడ సాయం చేశారన్న ఒక వాక్యం. చిత్తుప్రతి లేని నున్నటి ప్రాజెక్టు కొన్నదేనని అనుమానించాలి. 2019కి ముందు ప్రాజెక్టులకు ఈ మూడూ అడిగి ఉంటే ఇరవైకి ఇరవై అంత తేలిగ్గా వచ్చేది కాదు.

మౌఖికానికి మార్కులు వేయడాన్ని అధికారులు కాదనేది ఖర్చును చూసి కాదు, నియమం లేదని. నిజానికి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు ‘వంటి’ మార్పులు చేయమంది. ఆ మాటను బట్టి చూస్తే జాబితా అక్కడితో ఆగదు. కానీ మౌఖికానికి ఎన్ని మార్కులో, ఆ రికార్డు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే ఉత్తర్వు ఏదని హెడ్మాస్టరు అడిగితే, భవిత కేంద్రం టీచరు చూపించడానికి కాగితం లేదు.