వచ్చాడు, వచ్చినాడు, వచ్చెను: ఏది గుర్తించాలి?

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

సెలవులకు వచ్చి వెళ్తూ మీరు ఇక్కడే వదిలేసిన తెలుగు ప్రశ్నపత్రాలు తీరిగ్గా చూశాను. వ్యాసాలు బాగానే రాశారు. పద్యాలకు భావాలు కూడా పర్వాలేదు. ‘గీత గీసిన పదానికి గ్రాంథిక రూపాన్ని గుర్తించండి’ అన్నచోట మాత్రం ముగ్గురూ ఒకే ప్రశ్న తప్పు చేశారు, ముగ్గురిదీ ఒకటే తప్పు. అందుకే ఈ ఉత్తరం.

ఆ ప్రశ్న ఇది. ‘మామ నిన్న ఊరి నుంచి వచ్చాడు.’ గీత ‘వచ్చాడు’ కింద ఉంది. కింద ఇచ్చినవి నాలుగు: అ) వచ్చాడు, ఆ) ఒచ్చినాడు, ఇ) వచ్చినాడు, ఈ) వచ్చుచున్నాడు. మీరంతా ‘ఈ’ పెట్టారు. అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. ‘వచ్చినాడు’ అని మన ఇంట్లో అవ్వ అంటుంది, పాలాయన అంటాడు, అలిపిరి దగ్గర ఆటో అబ్బాయి అంటాడు. ఇంట్లో అనే మాట గ్రాంథికం ఎలా అవుతుందని దాన్ని ముందే కొట్టేశారు. ‘వచ్చుచున్నాడు’ చూడటానికి పుస్తకంలో మాటలా గంభీరంగా కనిపించింది. టిక్కు పెట్టేశారు.

జవాబు ‘ఇ’. వచ్చినాడు.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన మాటలో ఒకటి కాదు, మూడు అంతస్తులున్నాయి. ఇంట్లో, వీధిలో మాట్లాడేది మన చిత్తూరు వైపు మాండలికం. బడిలో రాసేది, పేపర్లో చదివేది ఇప్పటి ప్రామాణిక భాష, ‘వచ్చాడు’ అక్కడిది. మూడోది గ్రాంథికం. పాత కావ్యాల భాషను ఆధారం చేసుకుని, చిన్నయసూరి బాలవ్యాకరణం లాంటి పుస్తకాలు నియమాలు కట్టిన రాత భాష అది. ఆగస్టు 29న మీ బడిలో పండగ చేసే గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఆ మూడోదాని బదులు వాడుక భాషలోనే చదువు చెప్పాలని. అందుకే ఇవాళ మీకు గ్రాంథికం పద్యాల్లోనూ ఇలాంటి ప్రశ్నల్లోనూ తప్ప ఎదురుకాదు. మూడింటినీ వరసగా పేర్చి, పై అంతస్తుకు పోయేకొద్దీ మన ఇంటి మాటకు దూరమవుతుందని మీరు అనుకున్నారు. అలా ఏమీ లేదు. ‘వచ్చిన’, ‘వాడు’ కలిసి ‘వచ్చినాడు’ అయింది. అది ఇంకా కుదించుకుపోయి ‘వచ్చాడు’ అయింది. ఆ కుదింపు మన వైపు అంతగా రాలేదు. కాబట్టి క్రియ చివర విషయంలో మన అవ్వ మాట వార్తాపత్రిక మాటకన్నా గ్రాంథికానికి దగ్గర. పాత పుస్తకాల్లో ఇదే మాట అరసున్నతో ‘వచ్చినాఁడు’ అని కనిపిస్తుంది. వేరే పదమేమో అని తికమక పడకండి.

అలాగని ఇంట్లో అనేదంతా సరే అనుకుంటే ‘ఆ’ దగ్గర బోల్తా పడతారు. ‘ఒచ్చినాడు’లో చివర సరిగ్గానే ఉంది, మొదలు చెడింది. గ్రాంథికంలో అది ‘వచ్చు’, ‘ఒచ్చు’ కాదు. ‘ఎళ్ళినాడు’ కూడా అంతే, ‘వెళ్ళు’ అని ఉండాలి. ప్రశ్న తయారుచేసేవాళ్ళు ఇలాంటి సగం సరైన మాటను కావాలనే పెడతారు. కాబట్టి ప్రతి మాటనూ మొదలు ఒకసారి, చివర ఒకసారి విడిగా చూడండి.

మరి మీరు పెట్టిన ‘వచ్చుచున్నాడు’ తప్పు మాటా? కాదు. శుభ్రమైన గ్రాంథికమే. కానీ అది ‘వస్తున్నాడు’కు గ్రాంథికం. వాక్యంలో ‘నిన్న’ అని ఉంది కదా, మామ వచ్చేశాడు. గ్రాంథికంగా కనిపించే మాటను పట్టుకోవడం సగం పనే. అది గీత గీసిన మాట చెప్పే కాలాన్నే చెబుతోందా అని చూడటం మిగతా సగం. నన్నడిగితే ఈ రెండో సగంలోనే ఎక్కువ మార్కులు పోతాయి.

కాలంతో పాటు ఎవరు అన్నదీ చూడాలి. పద్యాల్లో, కథల్లో మీరు ఎక్కువగా చూసేది ‘వచ్చెను’. వాడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవు వచ్చెను – మూడింటికీ ఒకే రూపం. అది అలవాటై చివర ‘ఎను’ కనబడితే చాలు, గ్రాంథికం అని గుర్తుపెట్టేస్తారు. ‘నేను వచ్చాను’ అని ఇచ్చి కింద ‘వచ్చెను’, ‘వచ్చితిని’ రెండూ పెడితే? ‘వచ్చాను’లో ‘ను’ ఉంది, ‘వచ్చెను’లోనూ ‘ను’ ఉంది, చెవికి ఒకేలా వినిపిస్తాయి. కానీ ‘నేను’కు జవాబు ‘వచ్చితిని’. మేము అయితే వచ్చితిమి, నీవు అయితే వచ్చితివి, మీరు అయితే వచ్చితిరి, వారు అయితే వచ్చిరి. ఈ వరసను రెండుసార్లు పైకి చదవండి, నాలుకకు అలవాటైపోతుంది. ‘వచ్చారు’ కింద గీత ఉంటే ముందు వాక్యంలో ‘మీరు’ ఉందా, ‘వాళ్ళు’ ఉందా వెతకండి. ఇప్పటి భాషలో రెండింటికీ ‘వచ్చారు’ ఒకటే. గ్రాంథికంలో వచ్చితిరి, వచ్చిరి అని వేరు.

ఇప్పుడు మన వైపు పిల్లలకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. మనం ‘పాడతా’ అనే మాటను రెండు రకాలుగా వాడతాం. ‘నేను పాడతా’ అంటే పాడబోతున్నానని. ‘అత్త పాడతా పూలు కడతా ఉంది’ అన్నప్పుడు ఆ ‘పాడతా’ వేరు, అది ‘పాడుతూ’. మొదటిదానికి గ్రాంథికం ‘పాడెదను’, రెండోదానికి ‘పాడుచు’. ఒక్క మాటే ఇచ్చి నాలుగు రూపాలు చూపిస్తే కంగారు పడకండి, వాక్యమంతా చదవండి. ఆ మాట తర్వాత ఇంకో పని వస్తే ‘పాడుచు’. వాక్యం అక్కడే ఆగితే, చేసేది ‘నేను’ అయితే ‘పాడెదను’. ఇక ‘కడతా ఉంది’ అన్నది ‘కట్టుచున్నది’ అవుతుంది. ‘ఉండాడు’ గురించి కూడా జాగ్రత్త. ‘మామ ఇంట్లో ఉండాడు’ అని మనం అనేది చూడటానికి పాత మాటలా ఉంటుంది, పక్కనే ‘ఉండెను’ కనిపిస్తే దానికే చెయ్యి పోతుంది. ‘ఉండెను’ జరిగిపోయిన కాలం. ఇప్పుడు ఉన్న మామకు ‘ఉన్నాడు’ సరైనది. బడి భాషలో ఏ మాటో గ్రాంథికంలోనూ అదే మాట. ఇలా మారకుండా ఉండే మాటలను పిల్లలు నమ్మరు, ‘ఇంత మామూలుగా ఉంది, ఇది కాదులే’ అని దాటేస్తారు.

నామవాచకాల్లో మనకు మళ్ళీ కొంచెం లాభం ఉంది. బడి పుస్తకం పళ్ళు, ఇళ్ళు, పెళ్ళి, బళ్ళు, ఏళ్ళు అంటుంది. మన అవ్వ పండ్లు, ఇండ్లు, పెండ్లి, బండ్లు, ఏండ్లు అంటుంది. ఈ అయిదింటిలోనూ అవ్వ చెప్పిందే గ్రాంథిక రూపం, కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు. కానీ దీన్నే సూత్రంగా పట్టుకుని ‘ళ్ళు’ కనబడిన ప్రతిచోటా ‘ండ్లు’ వేసేయకండి. కాలు కాళ్ళు అవుతుంది, ఊరు ఊళ్ళు అవుతుంది. ‘కాండ్లు’, ‘ఊండ్లు’ ఏ కాలంలోనూ లేవు, మన వీధిలోనూ ఎవరూ అనరు. మీ నోటికి రానిదాన్ని గ్రాంథికమేమో అని అనుమానంతో పెట్టకండి.

‘పుస్తకాన్ని’ కింద గీత గీసిన ప్రశ్నలో నాలుగూ చదవదగ్గవే: అ) పొత్తమును, ఆ) పుస్తకమును, ఇ) పుస్తకముని, ఈ) పుస్తకమునకు. గ్రాంథికంలో ‘పుస్తకం’ అని సున్నతో ఆగదు, ‘పుస్తకము’ అని ఉండాలి. నాలుగింటిలోనూ ‘ము’ ఉంది కాబట్టి దానితో తేలదు. ‘పొత్తము’ పుస్తకానికి వికృతి. ప్రకృతి వికృతుల ప్రశ్న వేరు, ఈ ప్రశ్న వేరు. ఇక్కడ అడిగింది అదే మాటకు ఇంకో రూపం, ఇంకో మాట కాదు. ‘పుస్తకమునకు’ అంటే ‘పుస్తకానికి’, విభక్తి మారిపోయింది. మిగిలినవి రెండు. ‘ము’తో ముగిసే మాట మీద గ్రాంథికంలో ‘ను’ వస్తుంది, ‘ని’ రాదు. కాబట్టి ‘ఆ’. అలాగే ‘కు’ చేరేటప్పుడు మధ్యలో ‘న’ వస్తుంది: చెట్టుకు అన్నది చెట్టునకు అవుతుంది. ‘గుడికి’ మాత్రం గుడికే. చివర ‘ఇ’ ఉన్న మాటకు ఆ ‘న’ అక్కర్లేదు.

ఒక వాక్యం మొత్తం మారుద్దాం. ‘అన్న నవ్వుతా వచ్చి మామిడిపండ్లను బండ్లో పెట్టినాడు.’ నవ్వుతా తర్వాత ఇంకో పని ఉంది, కాబట్టి నవ్వుచు. ‘వచ్చి’ మారదు. ‘మామిడిపండ్లను’ మారదు. ‘బండ్లో’ దగ్గర ఆగాలి, ఇది బండ్లు కాదు, ఒక్క బండి. కుదించుకుపోయిన ‘ఇ’ని తిరిగి పెడితే బండిలో. ‘పెట్టినాడు’ ఉన్నట్టే ఉంచొచ్చు, ‘పెట్టెను’ అనీ అనొచ్చు. అన్న నవ్వుచు వచ్చి మామిడిపండ్లను బండిలో పెట్టెను. చూడండి, మారిన మాటలు ఎంత తక్కువో.

ఆ చివరి మాట దగ్గర మీకు ఒక అనుమానం రావాలి. ‘పెట్టాడు’ అని ఇచ్చి కింద ‘పెట్టినాడు’, ‘పెట్టెను’ రెండూ ఉంటే ఏది పెట్టాలి? రెండూ సరైనవే. అలాంటి ప్రశ్న ఇచ్చినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, కానీ పరీక్ష హాల్లో కోపం పనికిరాదు. ముందు రెండింటి మొదలు, కాలం, ఎవరు అన్నది ఇంకోసారి సరిచూడండి. చాలాసార్లు ఒకదాంట్లో ఏదో తేడా దొరుకుతుంది. నిజంగానే దొరక్కపోతే ‘పెట్టెను’ పెట్టండి. ప్రశ్న రాసినవాళ్ళు ‘పెట్టినాడు’ను మాండలికమని అనుకుని ఇచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. బయటికి వచ్చాక మీ తెలుగు మాస్టారికి ఆ ప్రశ్న చూపించి, రెండూ సరైనవే కదా సార్ అని అడగండి.

తప్పు పెట్టిన ఆ మూడు కాగితాలూ మీ నాయన చేత పంపిస్తున్నాను. ‘ఈ’ పక్కన, అది ఏ మాటకు గ్రాంథికమో రాసి నాకు తిరిగి పంపండి.

ఇట్లు
మీ తాత