బోరు నీళ్లు, సబ్బు, బిగుసుకుపోయే ముఖం

మా మేనకోడలు రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ ముఖం గురించి ఎప్పుడూ ఆలోచించిన పిల్ల కాదు. ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన నెలకే ఫోన్ చేసింది. "మావయ్యా, ముఖం కడుక్కున్న పది నిమిషాలకి చర్మం అంతా లాగేస్తోంది, నవ్వితే బుగ్గలు పగులుతాయేమో అన్నట్టుంది. మూడు ఫేస్‌వాష్‌లు మార్చాను." నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి నన్ను అడిగింది. నేను ఫేస్‌వాష్ సంగతి పక్కనపెట్టి, హాస్టల్లో పప్పు ఉడుకుతోందా అని అడిగాను. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పలుకులుగానే ఉంటోందని వంటావిడ రోజూ విసుక్కుంటుందట.

పప్పు ఉడకని నీళ్లని మన పెద్దవాళ్లు అనేది ఆ హాస్టల్లో వచ్చే ఇలాంటి బోరు నీళ్లనే. పప్పుగింజ గోడల్లో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. నీళ్లలో ఉన్న కాల్షియం దాన్ని పట్టుకుని బిగించేస్తే గింజ మెత్తబడదు. అదే కాల్షియం, దానితోపాటు మెగ్నీషియం, గీజర్ రాడ్ మీద తెల్లటి పొరగా, బకెట్ అంచున గరుకుగా కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాల్లో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. నదుల నీళ్లతో పోలిస్తే, నేలపొరల్లో ఏళ్లకేళ్లు రాళ్లను కరిగించుకుంటూ నిలిచిన బోరు నీళ్లలో ఇది సాధారణంగా ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వట్టి బోరు నీళ్లతో ముఖం కడుక్కుని తుడుచుకుంటే పెద్దగా ఏమీ కాదు. అసలు గొడవ ఆ నీళ్లు సబ్బును కలిసినప్పుడు మొదలవుతుంది. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అది నీళ్లలో కరిగి జిడ్డుని లాక్కుపోతుంది. నీళ్లలో కాల్షియం ఉంటే అది సోడియాన్ని తోసేసి ఆ స్థానంలో కూర్చుంటుంది. కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు. బకెట్ పైన తేలే తెల్లటి తెట్టు అదే, బాత్రూం టైల్స్ మీద గోకినా వదలని మరకలో పెద్ద భాగమూ అదే. టైల్స్‌కి పట్టుకున్నట్టే బుగ్గలకీ పట్టుకుంటుంది.

ఆదివారం ఆ అమ్మాయి ఒక సీసాలో హాస్టల్ నీళ్లు పట్టుకొచ్చింది. అక్వేరియం షాపుల్లో దొరికే హార్డ్‌నెస్ కిట్ నా దగ్గర ఉంది. గాజు గొట్టంలో కొలిచి నీళ్లు పోసి సూచిక వేస్తే వైన్ రంగు ఎరుపు వచ్చింది. ఇక ఒక్కొక్క చుక్క ద్రావణం వేస్తూ కదపాలి. నా కిట్‌లో ఒక్కో చుక్క లీటరుకు 25 మిల్లీగ్రాముల లెక్క. పదహారు, పదిహేడు... పద్దెనిమిదో చుక్కకి ఎరుపు పోయి నీలం తేలింది. అంటే లీటరుకు 450 మిల్లీగ్రాములు. తాగునీటికి మన భారతీయ ప్రమాణం 200 వరకు ఆమోదయోగ్యం అంటుంది, వేరే నీటివసతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. అది తాగడానికి పెట్టిన హద్దు. సబ్బుకి ఆ హద్దుతో పనిలేదు.

లెక్క వేసి చూపించాను. 450 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న లీటరు నీళ్లు నురగ నిలిచేలోపే సుమారు 2.7 గ్రాముల సబ్బుని తినేస్తాయి. ఆ సబ్బంతా తెట్టే. నురగ రావడం లేదని మనం ఇంకా రుద్దుతాం, ఇంకా సబ్బు రాస్తాం. దాంతో తెట్టుతోపాటు మిగులు సబ్బు కూడా చర్మం మీద పడుతుంది. మామూలు సబ్బు పిహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. చర్మం పైపొర దాదాపు 5 దగ్గర, కాస్త ఆమ్లంగా ఉంటేనే దానికి హాయి. క్షారం తగిలినప్పుడు ఆ పొర ఉబ్బుతుంది, కణాల మధ్య గారలా ఉండే కొవ్వులు, తేమని పట్టి ఉంచే పదార్థాలు కొన్ని సబ్బుతో కొట్టుకుపోతాయి. తుడుచుకున్నాక ఉబ్బిన పొర ఆరి కుంచించుకుపోతుంది. ఆ పిల్ల చెప్పిన పది నిమిషాల లాగుడు ఇదే. కడుగుతున్నప్పుడు కాకుండా ఆరుతున్నప్పుడు తెలియడానికి కారణం కూడా ఇదే.

సబ్బు కాని నురగపదార్థాలు తెట్టు కట్టకపోయినా పూర్తిగా నిర్దోషులు కావు. లండన్ కింగ్స్ కాలేజ్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 80 మందిమీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. చాలా షాంపూల్లో, ఫేస్‌వాష్‌లలో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్‌తో వేర్వేరు నీళ్లలో చర్మం కడిగి చూశారు. కఠిన జలంలో కడిగినప్పుడు ఆ పదార్థం చర్మం మీద ఎక్కువ మిగిలింది. మా మేనకోడలు మార్చిన మూడు ఫేస్‌వాష్‌లలో రెండింటి వెనక ఈ పేరే ఉంది.

మరి ఏం చేయాలి? తను ఇప్పటికే ఒకటి ప్రయత్నించింది. హాస్టల్ ఆర్‌ఓ నీళ్లు సీసాలో తెచ్చుకుని, మామూలుగా కడుక్కున్నాక చివర్లో ఆ నీళ్లు చల్లుకునేది. కాస్త నయమే కానీ తేడా పెద్దగా లేదంది. ఉండదు. తెట్టు కట్టేది సబ్బు మొదట నీళ్లని కలిసినప్పుడు. ఒకసారి కట్టాక అది ఏ నీళ్లలోనూ కరగదు. అందుకే మెత్తని నీళ్లు వాడాల్సింది మొదటి దోసిట్లోనే. ముఖానికి ఎక్కువ నీళ్లు అక్కర్లేదు కూడా. అర లీటరు ఆర్‌ఓ నీళ్లు మగ్గులో పెట్టుకుని, పావు గ్లాసుతో ముఖం తడిపి, చేతిలోనే నురగ చేసి రాసుకుని, మిగతా నీళ్లతో రెండు మూడు విడతలుగా కడిగేస్తే సరిపోతుంది. చేతుల్ని కూడా ముందు ఆ నీళ్లతోనే తడపాలి, లేకపోతే అరచేతిలో ఉన్న బోరు నీళ్లు లెక్క పాడుచేస్తాయి. ఆర్‌ఓ మిషన్ పక్క పైపు నుంచి వదిలే నీళ్లు మాత్రం ముఖానికి వద్దు. అవి గచ్చు తుడవడానికి బాగుంటాయి కానీ లవణాలన్నీ అందులోకే వెళ్తాయి కాబట్టి బోరు నీళ్లకంటే కాఠిన్యం ఎక్కువ.

ఆర్‌ఓ లేనివాళ్లు నీళ్లు మరిగించుకోవచ్చు. పది నిమిషాలు తెర్లనిచ్చి, చల్లారాక అడుగున తేరిన తెల్లటి పొడి కదలకుండా పైనీళ్లు వంచుకోవాలి. బైకార్బొనేట్ రూపంలో ఉన్న కాల్షియం ఇలా కాల్షియం కార్బొనేట్ పొడిగా మారి కింద పడిపోతుంది. క్లోరైడ్, సల్ఫేట్ రూపంలో ఉన్నది పోదు. తను తెచ్చిన నీళ్లని మరిగించి మళ్లీ కిట్‌తో చూస్తే పద్దెనిమిది చుక్కలు పదికి దిగాయి. సగం దాకా తగ్గినట్టే. పటిక వేస్తే మట్టి తేరుతుంది తప్ప కాఠిన్యం తగ్గదు. బట్టల సోడా నీళ్లని మెత్తబరుస్తుంది, నిజమే, కానీ ఆ క్షారం ముఖానికి సబ్బుకంటే ఘోరం. నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది.

నీళ్లకంటే తేలిగ్గా మార్చగలిగేది సబ్బుని. పెట్టె వెనక సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని మొదట్లోనే కనిపిస్తే అది అసలు సబ్బు, పైన పాలు, తేనె, బాదం బొమ్మ ఏదున్నా సరే. సోడియం కోకోయిల్ ఐసెతయొనేట్ లాంటి పేరు ముందుంటే అది సబ్బు కాని నురగపదార్థంతో చేసిన సిండెట్ బార్. అది తెట్టు కట్టదు, పిహెచ్ కూడా చర్మానికి దగ్గరగా ఉంటుంది. మెడికల్ షాపులో సిండెట్ బార్ అని అడిగితే ఇస్తారు. మన శనగపిండి, సున్నిపిండి కూడా ఈ లెక్కలో మంచివే. పిండి జిడ్డుని పీల్చుకుంటుంది, అందులో సబ్బు లేదు కాబట్టి కాల్షియంతో పేచీ లేదు. అయితే పొడిగా రుద్దకుండా పల్చగా కలిపి, ఆరిపోకముందే కడిగేయాలి. ఎండి పెళుసు కట్టిన పిండిని ఊడబెరికితే మళ్లీ అదే మంట.

కడిగాక ముఖాన్ని తువ్వాలుతో అద్దుకుని, ఇంకా తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాసుకోవాలి. మొటిమలు లేనివాళ్లకి వట్టి వ్యాజిలిన్ పలచగా రాసినా చాలు, తేమ ఎగిరిపోకుండా అడ్డుకోవడంలో దాన్ని మించింది తక్కువ. మొటిమలున్నవాళ్లకి గ్లిజరిన్ ఉన్న పల్చటి లోషన్ నయం. కొబ్బరినూనె వాళ్లకి పడకపోవచ్చు.

కుళాయికి తగిలించే ఫిల్టర్ల గురించి తను ఆశగా అడిగింది. చాలావాటిలో ఉండేది క్లోరిన్ తగ్గించే సరుకు. కాల్షియాన్ని నిజంగా తీసేసేది రెజిన్, అది కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. చిన్న ఫిల్టర్లో పట్టే గుప్పెడు రెజిన్ ఇంత కాఠిన్యం ఉన్న నీళ్లకి రెండు మూడు బకెట్లకే నిండిపోతుంది. అపార్ట్‌మెంట్ల మీద ఉండే పెద్ద సాఫ్ట్‌నర్ ప్లాంటూ ఇదే పద్ధతి, కాకపోతే దానికి ఉప్పు పోసి రెజిన్‌ని కడుగుతారు. ప్లాంట్ ఉన్నా నీళ్లు గరుకుగా ఉన్నాయంటే ఉప్పు ఎప్పుడు పోశారో వాచ్‌మన్‌ని అడగాలి. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే ఇది తెలియదు. అది మొత్తం లవణాలని కొలుస్తుంది, సాఫ్ట్‌నర్ కాల్షియం స్థానంలో సోడియం పెట్టేస్తే మీటరు అంకె ఇంచుమించు అక్కడే ఉంటుంది. కిట్ లేకపోతే రెండు సీసాల్లో సమానంగా బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు పోసి ఒంటి సబ్బు తురుము చెరి కాసింత వేసి కదిపితే చాలు. ఆర్‌ఓ సీసాలో నురగ నిలుస్తుంది, బోరు సీసా పాలలా విరిగినట్టవుతుంది. షాంపూతో ఈ పరీక్ష చేయకూడదు, అది రెండింట్లోనూ నురుగుతుంది.

నీళ్లని పూర్తిగా మార్చినా అన్నీ తగ్గవు. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2011లో వచ్చాయి. సగం ఇళ్లలో సాఫ్ట్‌నర్ బిగించి 12 వారాలు చూస్తే, మామూలు చికిత్సకంటే అదనంగా లాభమేమీ తేలలేదు. ముఖం లాగడం వేరు, ఎర్రగా దురదపెట్టే జబ్బు వేరు. కనురెప్పల మీద పొలుసులు, ముక్కు పక్కల జిడ్డుగా రాలే పొట్టు, రసి కారడం ఉంటే చర్మ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మొటిమల క్రీములు వాడుతున్నవాళ్లకి ఆ పొడితనం క్రీము వల్లే రావచ్చు, నీళ్లని తిట్టి లాభం లేదు.

మా మేనకోడలు సిండెట్ బారు కొనుక్కుని, అర లీటరు మగ్గు అలవాటు చేసుకుంది. రెండు వారాలకి లాగుడు చాలావరకు పోయింది. మేలో మళ్లీ మొదలైందని ఫోన్ చేస్తే నీళ్లు తెమ్మన్నాను. ఈసారి నీలం రావడానికి ఇరవై ఆరు చుక్కలు పట్టాయి. హాస్టల్ బోరు ఎండిపోయి, ట్యాంకరు తెప్పిస్తున్నారట. తను ఆఫీసుకి ఆలస్యమవుతోందని మగ్గు మానేసి వారం రోజులైంది.