పసివాడికి కొద్దిపాటి జ్వరం: గుణుపూర్ కొండవారన ఏం చూడాలి?

ఏడాదిన్నర పిల్లాడు, బరువు 10 కిలోలు. ఉండేది విశాఖపట్నంలో. అమ్మతో కలిసి గుణుపూర్ దగ్గరి పల్లెలో అమ్మమ్మగారింటికి వచ్చి పదకొండు రోజులైంది. సాయంత్రం చంకలో థర్మామీటర్ పెడితే 100.6 చూపించింది. ముక్కు కొంచెం కారుతోంది. "పళ్ళొస్తున్నాయే, అందుకే ఒళ్ళు వెచ్చబడింది" అంటుంది అమ్మమ్మ. "రాత్రికి రాత్రే బండి కట్టించుకుని పార్వతీపురం పోదామా అమ్మా" అని తల్లి టెన్షన్. రాయగడ, గజపతి జిల్లాల్లోని మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి సాయంత్రాలు కొత్తేమీ కాదు. అందుకే ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుని, ఆ ఇద్దరూ ఏం చూడాలో, ఏది ముందు చూడాలో చెప్తాను. ఇదే జ్వరం విశాఖలో వచ్చి ఉంటే నిర్ణయం ఒకలా ఉండేది. ఇక్కడ అందులో ఒక మెట్టు ఎక్కువ.

ముందు ఆ అంకె సంగతి. ఒంట్లోకి వైరస్సో మరో క్రిమో చేరగానే రక్షణ కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై, ఒంటి వేడిని ఒకటి రెండు డిగ్రీలు పెంచమని ఆదేశం వెళ్తుంది. అంటే వేడిని శరీరమే కావాలని పెంచుకుంటోంది. అలా పెంచుకునేటప్పుడు వేడి బయటికి పోకుండా చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే నుదురు కాలుతుంటే అరికాళ్ళు చల్లగా ఉంటాయి. అది చూసి కంగారుపడి రెండు దుప్పట్లు కప్పితే వేడి ఇంకా పెరుగుతుంది. చన్నీళ్ళ గుడ్డతో తుడిస్తే బిడ్డకు వణుకు పుడుతుంది, ఆ వణుకుతో శరీరం మళ్ళీ వేడి పుట్టించుకుంటుంది. పల్చటి నూలు బట్ట వేసి, గాలి తగిలేలా ఉంచితే చాలు.

100.6 అనే అంకె జ్వరం ఉందని చెప్తుంది, అంతే. దాని వెనక ఉన్నది మామూలు జలుబా, ఇంకేదైనానా అన్నది చెప్పలేదు. మామూలు జలుబుకే 103 రావచ్చు, ముదిరే జబ్బు 100తో మొదలవ్వచ్చు. మూడు నెలల లోపు పసికందైతే అంకెనే నమ్మాలి. 100.4 చేరితే ఇంకేమీ చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఏడాది దాటిన పిల్లల దగ్గర అంకె కంటే బిడ్డే ఎక్కువ చెప్తాడు. ఇక పళ్ళ మాట. చిగుళ్ళు ఉబ్బినప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడచ్చు గానీ, 100.4 దాటే జ్వరం పళ్ళ వల్ల రాదు. అమ్మమ్మ మాటను ఇక్కడ పక్కన పెట్టాల్సిందే. పళ్ళే కారణమని నమ్మిన ఇంట్లో అసలు కారణం కోసం ఎవరూ వెతకరు.

బిడ్డ దగ్గర మొదట చూడాల్సింది తాగుతున్నాడా లేదా అని. అన్నం వద్దనడం పెద్ద విషయం కాదు. జ్వరంలో ఏ పిల్లాడూ సరిగ్గా తినడు. కానీ పాలూ నీళ్ళూ కూడా తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, మూర్ఛ వచ్చినా, లేపితే సరిగ్గా లేవకుండా మత్తుగా వాలిపోతున్నా రాత్రీ పగలూ చూడకూడదు. 108కి ఫోన్ చేయాలి, లేదా దొరికిన బండి ఎక్కాలి. మెడ బిర్రుగా ఉన్నా, ఒంటి మీద గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రటి, ఊదారంగు మచ్చలు కనబడినా అంతే. మూర్ఛ వస్తే బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ పెట్టకూడదు.

తర్వాత ఊపిరి. చాలామంది ఛాతీ మీద చెవి పెట్టి గురగుర వింటారు. దానికంటే లెక్క పెట్టడం మేలు. చొక్కా పైకెత్తి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడో నిద్రలో ఉన్నప్పుడో, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో గడియారం చూసుకుంటూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అది వేగం కిందే లెక్క, న్యుమోనియా అనుమానించాలి. జ్వరం కూడా ఊపిరి వేగాన్ని కొంత పెంచుతుంది కాబట్టి, వేడి తగ్గాక మరోసారి లెక్కపెట్టడం మంచిది. అప్పటికీ 40కి తగ్గకపోతే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతుంటే మాత్రం రెండో లెక్క కోసం ఆగకూడదు.

మన పిల్లాడు పాలు తాగుతున్నాడు, ఊపిరి 32, మధ్యాహ్నం నుంచి రెండుసార్లు ఉచ్చ పోశాడు, విసుగ్గా ఉన్నా బొమ్మ ఇస్తే చేయి చాపుతున్నాడు. ఈ రాత్రికి పార్వతీపురం ప్రయాణం అక్కర్లేదు. ఒంటి నొప్పులతో నిద్ర పట్టక ఏడుస్తుంటే పారాసిటమాల్ ఇవ్వచ్చు. హాయిగా ఆడుకుంటుంటే అదీ అవసరం లేదు, ఎందుకంటే ఆ మందు బాధ తగ్గించడానికే తప్ప జబ్బు నయం చేయడానికి కాదు. దాంతో మూర్ఛ రాకుండా ఆగుతుందన్న నమ్మకమూ నిజం కాదు.

ఈ మందు దగ్గరే ఇళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతుంది, అందుకే కాస్త ఆగి చెప్తాను. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఉండాలి. కిలోకి 15 మిల్లీగ్రాముల వరకు ఇవ్వచ్చు, అంటే 10 కిలోల బిడ్డకు 150. మందుల షాపులో దొరికే సిరప్‌లలో ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటే, ఇంకోదాంట్లో 250 ఉంటుంది. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3 సరిపోతాయి. చిన్న సీసాలో వచ్చే చుక్కల మందు ఇంకా చిక్కగా, ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. దాంట్లో ఒకటిన్నర చాలు. సిరప్ అనుకుని చుక్కల మందు 6 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ ఒంట్లోకి నాలుగింతలు వెళ్తుంది, అది కాలేయానికి ప్రమాదం. సీసా మీద అంకె చదవకుండా "పోయినసారి ఎంత పోశామో అంతే" అని పోయకండి. ఒకసారికీ మరోసారికీ ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. జలుబు సిరప్‌లలో కూడా చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపితే తెలియకుండానే మోతాదు రెట్టింపవుతుంది. అసలు ఈ వయసు పిల్లలకు ఆ జలుబు సిరప్‌లే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు వాళ్ళకు ఇవ్వకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ కూడా జ్వరంలో ఉన్న పిల్లలకు ఇవ్వకూడదు.

ఇక ఇక్కడి అదనపు మెట్టు. విశాఖలో అయితే ముక్కు కారడం చూసి జలుబే అనుకుని, రెండు మూడు రోజులు ఇంట్లోనే చూస్తాం. గుణుపూర్ కొండల్లో ఆ రెండు మూడు రోజులు ఊరికే గడపకూడదు. దక్షిణ ఒడిశా జిల్లాల్లో మలేరియా ఏళ్ళ తరబడి పాతుకుపోయిన జబ్బు. అందులోనూ ఎక్కువ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ఇక్కడ ఎక్కువ. 2017లో మొదలైన 'దమన్' కార్యక్రమంతో, అంటే చేరుకోవడం కష్టమైన ఊళ్ళకు వెళ్ళి జ్వరం లేనివాళ్ళకు కూడా పరీక్షలు చేసి మందులిచ్చే పద్ధతితో, కేసులు బాగా తగ్గాయి. తగ్గాయి గానీ పోలేదు.

మలేరియా అంటే రోజు విడిచి రోజు చలీ వణుకూ అని పెద్దలు చెప్పే బొమ్మ పసిపిల్లల్లో సాధారణంగా కనబడదు. కొద్ది జ్వరం, చిరాకు, తిండి తగ్గడం, ఒకటి రెండు వాంతులు, కొందరికి దగ్గు. అంటే జలుబుతో వచ్చే జ్వరం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ముక్కు కారుతోందంటే జలుబు ఉందని అర్థం, మలేరియా లేదని కాదు. రెండూ కలిసి ఉండచ్చు. ఫాల్సిపారం సోకిన ఎర్ర రక్తకణాలు సన్నటి రక్తనాళాలకు అతుక్కుపోతాయి. అది మెదడు దాకా వెళ్తే ఒకటి రెండు రోజుల్లోనే, పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి మత్తులోకి జారిపోవచ్చు. అందుకే జ్వరం మొదలైన 24 గంటల్లోగా పరీక్ష అవ్వాలి.

ఈ పిల్లాడి విషయంలో ఆ పదకొండు రోజులు చాలా ముఖ్యం. దోమ కుట్టాక మలేరియా క్రిమి ముందు కాలేయంలో పెరిగి, తర్వాతే రక్తంలోకి వస్తుంది. దానికి కనీసం వారం పడుతుంది. వచ్చిన నాలుగో రోజున జ్వరం వచ్చి ఉంటే అది ఇక్కడి దోమ పని కాదని చెప్పచ్చు. పదకొండో రోజు అలా అనలేం. పైగా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు పదేపదే సోకడం వల్ల కొంత తట్టుకునే శక్తి వస్తుంది. పట్నం నుంచి వచ్చిన బిడ్డకు అది ఉండదు. పక్కింటి పిల్లాడికి ఇలాంటి జ్వరం దానంతటదే పోయిందన్న మాట వీడికి వర్తించదు.

పరీక్ష కోసం దూరం పోనక్కర్లేదు. ఊళ్ళో ఆశా దీదీ దగ్గరే కిట్ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. వేలి నుంచి ఒక రక్తపు చుక్క తీసి పట్టీ మీద వేసి, మందు చుక్కలు వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో గీతలు తేలతాయి. అంతకుముందు పారాసిటమాల్ ఇచ్చినా ఫలితం మారదు. రాత్రి వీలుకాకపోతే తెల్లవారగానే చేయించాలి. పాజిటివ్ వస్తే అది ఏ రకమో కూడా పట్టీ చెప్తుంది. ఫాల్సిపారం అయితే వయసుకు తగ్గట్టు కట్టిన మూడు రోజుల మందు అదే రోజు మొదలుపెట్టాలి, రెండో రోజుకే బిడ్డ తేరుకున్నా చివరిదాకా వాడాలి. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళ మాత్రను విరిచి ఇవ్వకండి. సరిపోని మోతాదు జ్వరాన్ని దించుతుంది గానీ క్రిమిని చంపదు.

నెగెటివ్ వస్తే? తొలిరోజు రక్తంలో క్రిములు మరీ తక్కువుంటే పట్టీకి దొరక్కపోవచ్చు. అందుకని ఆ ఒక్క ఫలితంతో మలేరియా సంగతి మర్చిపోకూడదు. మర్నాడూ జ్వరం ఉంటే మళ్ళీ పరీక్ష చేయించాలి, వీలైతే ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని కింద రక్తపు పూత చూపించాలి. మూడో రోజుకీ తగ్గకపోతే మలేరియా లేకపోయినా డాక్టర్ చూడాల్సిందే. జలుబూ దగ్గూ ఏవీ లేకుండా ఉత్త జ్వరమే సాగుతుంటే, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్ర పరీక్ష అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఈ వయసులో జ్వరం తప్ప మరో గుర్తు చూపించకపోవచ్చు.

పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చి, జ్వరం తగ్గి, తల్లీ బిడ్డా విశాఖ వెళ్ళిపోయారనుకుందాం. మరో నెలలోగా జ్వరం వస్తే అక్కడి డాక్టర్‌కు ముందుగా చెప్పాల్సిన మాట "గుణుపూర్ కొండల దగ్గర ఇన్ని రోజులు ఉండి వచ్చాం" అని. అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే పట్నంలో జలుబుతో వచ్చిన పిల్లాడికి మలేరియా పరీక్ష ఎవరికీ వెంటనే తట్టదు. మలేరియాలోనే వైవాక్స్ అనే ఇంకో రకం అయితే క్రిమి కాలేయంలో నిద్రాణంగా ఉండి, కొన్ని నెలల తర్వాత కూడా జ్వరం తెప్పించగలదు. కాబట్టి ఆరు నెలల తర్వాత వచ్చిన జ్వరానికీ ఆ మాట చెప్పండి.