నియామకాల లెక్కలు: మూడు అపోహలు, అసలు సంగతి

అపోహ: ఉద్యోగుల సంఖ్య తగ్గిందంటే ఆ కంపెనీ కొత్తవారిని తీసుకోవడం మానేసినట్టే.

వాస్తవం: 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 6,14,795 నుంచి 6,01,546కు తగ్గింది. ఆ వార్త చదివి ఐటీ ఆశే వదులుకున్నవారు సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. ఆ ఏడాది కంపెనీ ఫలితాల్లోనే వలసల రేటు, అంటే ఏడాదిలో ఉద్యోగం వదిలి వెళ్లినవారి వాటా, 12.5 శాతం అని ఉంది. ఆరు లక్షల పైచిలుకు మందిలో ఆ లెక్కన ఏడాదిలో సుమారు 75 వేల మంది తమంతట తాము మానేశారు. అంతమంది వెళ్లిపోయినా నికరంగా తగ్గింది 13 వేలే. అంటే అరవై వేల మందికి పైగా చేరి ఉండాలి.

అంతకు ముందు ఏడాదికీ ఇదే లెక్క వేయండి. వలసల రేటు 20.1 శాతం, నికరంగా పెరిగింది 22,600. వెళ్లినవారు లక్షా 20 వేలు అనుకుంటే, చేరినవారు లక్షా 40 వేలు దాటారు. నియామకాలు ఆగిపోలేదు గానీ, సగానికి పైగా పడిపోయాయి. ఇందులో ఖాళీల భర్తీ వాటా ఎంత పెద్దదో చూశారుగా! అందుకే నేను ముందు వలసల రేటు చూస్తాను. అది పడుతోందంటే కుర్చీలు ఖాళీ కావడం లేదని అర్థం. ఒక హెచ్చరిక: ఆ రేటు ఐటీ సేవల విభాగానిది, స్వచ్ఛందంగా వెళ్లినవారిది మాత్రమే. కనుక ఇది ఉజ్జాయింపు లెక్క. ఒక్క కంపెనీతో ఆగకుండా, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లోంచి ఆ రంగంలోని నాలుగైదు కంపెనీల అంకెలు పక్కపక్కన రాసుకోండి.

అపోహ: భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్ఓ ఇచ్చే కొత్త చందాదారుల లెక్కల్లో ‘నిపుణుల సేవలు’ ముందుంటే కన్సల్టెంట్లకు గిరాకీ ఉన్నట్టు.

వాస్తవం: పేరు చూసి మోసపోవద్దు. ఆ పద్దులో ఎక్కువగా కనిపించేవి మనుషులను సరఫరా చేసే ఏజెన్సీలు, కాంట్రాక్టర్లు, సెక్యూరిటీ సంస్థలు. బ్యాంకులోనో గోదాములోనో పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగి, ఏజెన్సీ పేరిట చందా కడితే, ఇక్కడే లెక్కకు వస్తాడు. పనిచేసే రంగం ఒకటి, లెక్కలో పడేది మరొకటి. పైగా ఉద్యోగుల సంఖ్య 20కి చేరి కొత్తగా ఈపీఎఫ్ పరిధిలోకి వచ్చిన సంస్థలో పాతవారు కూడా కొత్త చందాదారులుగా కనిపించవచ్చు.

అపోహ: పెరుగుదల శాతం ఎక్కువున్న రంగమే మంచిది.

వాస్తవం: ఉద్యోగ ప్రకటనల ఆధారంగా వచ్చే నౌక్రీ జాబ్‌స్పీక్ లాంటి సూచీలు వార్తల్లోకి ఎక్కేది ఎక్కువగా నిరుటితో పోల్చిన శాతంతోనే. వంద ప్రకటనలు నిరుడు 70కి పడి, ఈ ఏడాది 84 అయితే ‘20 శాతం వృద్ధి’ అని శీర్షిక వస్తుంది. రెండేళ్ల కిందటి అంకెతో పోల్చితే 16 తక్కువే.